స్లాబు ఉరుస్తున్నదని ఓనర్‌కు ఎట్లా రాయాలి?

"అంకుల్, ఇల్లు ఉరుస్తున్నది, జర చూడండి."

హనుమకొండలో కిరాయికి దిగిన మొదటి వానాకాలంలో మా ఓనర్‌కు నేను పంపిన మెసేజ్ ఇంతే. "సరే బేటా, చూద్దాం" అని జవాబొచ్చింది. ఆ చూద్దాం నాలుగు వారాలు నడిచింది. ఈలోగా మంచం రెండుసార్లు జరిపాం, బకెట్ ఒకటి గదిలోనే కాపురం పెట్టింది.

అప్పుడు ఆయన మీద కోపమొచ్చింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే తప్పు సగం నాదే. ఆయన ఉండేది హైదరాబాద్‌లో, కొడుకు దగ్గర. నా మెసేజ్ చూస్తే ఏ గది ఉరుస్తున్నదో, ఎంత ఉరుస్తున్నదో, ప్లంబర్‌ను పిలవాలో మేస్త్రిని పిలవాలో ఆయనకేం తెలుస్తుంది? ఎప్పటిలోగా కావాలో నేనే చెప్పలేదు. తెలియని పనిని ఎవరైనా రేపటికే నెడతారు. మరుసటి ఏడు అదే గది మళ్లీ ఉరిసింది. ఈసారి వేరే తీరుగా రాశాను, ఆరో రోజున మేస్త్రి స్లాబు మీద ఉన్నాడు. ఆ రెండోసారి చేసిందే ఇక్కడ వరుసగా చెప్తాను. నల్లా, తలుపు, మోటారు లాంటి వాటికీ పద్ధతి ఇదే. కాకపోతే వానాకాలంలో ఉరిసే స్లాబుకు గడువు పెట్టడంలో ఒక మెలిక ఉంది, అందుకే దాన్నే తీసుకున్నాను.

రాసే ముందు: ఆ నీళ్లు ఎక్కడివి?

పై కప్పు తడిసిందంటే వాన నీళ్లే అనుకోవద్దు. పై అంతస్తు బాత్రూం నుంచి కావచ్చు, స్లాబు మీది ట్యాంకు నిండి పొర్లడం వల్ల కావచ్చు, గోడలో పైపు పగిలి కావచ్చు. కారణం ఏదన్న దాన్ని బట్టి రావాల్సిన మనిషి మారతాడు. ప్లంబర్ రావాల్సిన చోటికి మేస్త్రి వస్తే ఒక రోజు, ఒక కూలీ దండగ.

తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. వాన లేని రెండు మూడు రోజులు ఆ మరకను గమనించండి. వాన పడ్డప్పుడు ఉరిసి, ఆగిన కొన్ని గంటలకు చుక్కలు ఆగి, ఎండ కాసినప్పుడు మరక అంచులు ఆరుతున్నాయంటే అది వాన నీళ్ల పనే. వానలున్నా లేకున్నా ఎప్పుడూ తడిగానే ఉంటే పైపో, బాత్రూమో. పొద్దున మోటారు వేసిన అరగంటకు చుక్క మొదలైతే ట్యాంకు వైపు చూడండి. ఇంకొకటుంది. మూలల్లో, అల్మారా వెనక నల్లటి చుక్కల్లా బూజు పట్టి, ఎక్కడా చుక్క రాలకపోతే, అది గాలి ఆడక, గదిలో తడి బట్టలు ఆరేయడం వల్ల పట్టిన చెమ్మ కావచ్చు. దాన్ని స్లాబు మీదికి నెడితే ఓనర్ ముందు మన మాట పలచబడుతుంది.

పెన్సిల్‌తో మరక అంచు చుట్టూ సన్నగా గీత గీసి, పక్కన తేదీ వేయండి. తర్వాతి వానకు మరక గీత దాటితే మళ్లీ గీయండి. నేను జూలై 6న గీసినప్పుడు మరక పొడవు రెండడుగులు. 13 నాటికి మూడున్నర అడుగులై ఫ్యాను కొక్కెం పక్కకు చేరింది. "రోజురోజుకూ పెరుగుతున్నది" అని పది సార్లు చెప్పినా ఈ రెండు గీతలంత గట్టిగా ఉండదు.

వీలైతే ఒకసారి పైకెక్కి చూడండి. తాళం ఓనర్ దగ్గర ఉంటే అడిగి తీసుకోండి, వాన పడుతుండగా మాత్రం వెళ్లొద్దు. మా స్లాబు మీద నీళ్లు కిందికి పోయే పైపు మూతికి వేపాకు మేట వేసింది, పాత పూలకుండీలు అడ్డం ఉన్నాయి, రెండంగుళాల నీళ్లు నిలిచి ఉన్నాయి. పిట్టగోడ స్లాబును కలిసే చోట వేలి గోరు పట్టేంత పగులు. కింద మరక ఉన్న చోటికి అది సరిగ్గా పైన లేదు, నాలుగైదు అడుగులు పక్కకు ఉంది. కాంక్రీటులో నీళ్లు దారి వెతుక్కుంటూ పోతాయి కాబట్టి దిగిన చోటొకటి, కారిన చోటొకటి. అందుకే "పగులు ఇక్కడే ఉంది" అని తేల్చి రాయకుండా "పైన ఇది కనబడింది" అని మాత్రమే రాయండి. తేల్చాల్సింది మేస్త్రి.

ఒక్క విషయంలో మాత్రం రాయడం, గీయడం తర్వాత. నీళ్లు ఫ్యానులోకో, లైటు హోల్డర్‌లోకో, స్విచ్ బోర్డులోకో దిగుతుంటే ముందు మెయిన్ దగ్గర ఆ గది కరెంటు బంద్ పెట్టండి. ఏ స్విచ్ ఏ గదిదో తెలియకపోతే ఇల్లు మొత్తం ఆపండి. తడి చేతులతో బోర్డు ముట్టొద్దు. ఓనర్‌కు అప్పటికప్పుడు ఫోన్ చేయండి, రాత్రయినా సరే. మెసేజ్ తర్వాత రాసుకోవచ్చు.

ఫొటోలు: అయిదు చాలు

ముప్పై ఫొటోలు పంపితే ఎవరూ చూడరు. అన్నీ దగ్గరి నుంచే తీస్తే ఏ గదో అర్థం కాదు. నేను పంపినవి అయిదు, వరుస కూడా ఇదే.

మొదటిది గది తలుపు దగ్గర నిలబడి మొత్తం గది, పై కప్పుతో సహా. ఇది చూడగానే ఓనర్‌కు "ఓ, వెనక బెడ్‌రూం" అని తెలియాలి. రెండోది మరక మొత్తం, ఫ్యాను కూడా పడేలా. మూడోది దగ్గరి నుంచి, టేపు ఆనించి, పెన్సిల్ గీతలూ తేదీలూ కనబడేలా. పెచ్చులు ఊడుతుంటే టార్చ్ లైటును పక్క నుంచి వాలుగా కొట్టి తీయండి, ఎదురుగా ఫ్లాష్ కొడితే అంతా తెల్లగా చదునుగా వస్తుంది. నాలుగు, అయిదు స్లాబు మీదివి: నిలిచిన నీళ్లు, పిట్టగోడ పగులు. వీటితో పాటు ఇరవై సెకన్ల వీడియో ఒకటి. బకెట్‌లో చుక్క పడే చప్పుడు వినబడాలి. మా ఓనర్ భార్యను కదిలించింది ఆ చప్పుడేనని తర్వాత తెలిసింది.

మరకలో గోధుమ రంగు, తుప్పు రంగు చారలుంటే, లేదా పెచ్చు ఊడి లోపలి ఇనుప చువ్వ కనబడితే దానికి విడిగా ఇంకో ఫొటో తీయండి. నీళ్లు చువ్వల దాకా చేరాయని దాని అర్థం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. ఆ చోటు కింద పిల్లల్ని పడుకోబెట్టొద్దు. ఆ మాట మెసేజ్‌లో మొదటి వాక్యంగానే రాయండి.

వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు తీశారన్న వివరం కూడా ఫైల్‌లో ఉండదు. చూడటానికి మామూలుగా పంపండి, దగ్గరిదొకటి డాక్యుమెంట్‌గా కూడా పంపండి. అసలు ఫొటోలు ఫోన్‌లో చెరిపేయొద్దు. ఇంట్లో దిగిన రోజు తీసిన ఫొటోల్లో ఆ మూల శుభ్రంగా కనబడేది ఉంటే దాన్నీ పక్కన పెట్టుకోండి. ఖాళీ చేసే రోజు అడ్వాన్స్‌లో పెయింటింగ్‌కని కోత పెట్టబోతే అక్కరకొస్తుంది.

గడువు: ఒకటి కాదు, మూడు

మొదట్లో చెప్పిన మెలిక ఇదే. "వారంలో బాగు చేయించండి" అని జూలైలో రాశారనుకోండి, అది జరిగే పని కాదు. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ నిలవాలంటే స్లాబు ఆరి ఉండాలి. తడి మీద పూసిన పూత పట్టదు. పట్టినట్టు కనబడ్డా ఎండలకు పొరలు పొరలుగా లేస్తుంది. మన దగ్గర జూన్ రెండో వారం నుంచి సెప్టెంబర్ చివరి దాకా స్లాబుకు నికరంగా ఆరే వ్యవధి దొరకడం కష్టం. ఒత్తిడి పెడితే ఓనర్ ఎవరినో ఒకరిని పంపి పైపైన పూయిస్తాడు, డబ్బులు ఖర్చు పెట్టానంటాడు, వచ్చే ఏడు మళ్లీ అదే బకెట్.

అందుకని పనిని మూడు ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక్కో తేదీ రాయాలి. ప్రాణం మీదికి వచ్చేది, అంటే కరెంటు సంగతి, ఒకటి రెండు రోజుల్లో. నీళ్లు లోపలికి రాకుండా తాత్కాలికంగా ఆపడం వారంలోగా: పైపు మూతి తీయించడం, కుండీలు జరపడం, వాన తెరిపిచ్చిన పూట పగులు పూడ్చడం, అదీ కుదరకపోతే మందపాటి తాడిపత్రి పరిచి అంచుల మీద ఇటుకలు పెట్టడం. పక్కా పని వానలు వెనక్కి పోయాక. ఆ చివరి గడువును నేను "దసరా తర్వాత, దీపావళి లోగా" అని రాశాను. అక్టోబర్ ఫలానా తేదీ అని కూడా రాయొచ్చు గానీ పండుగ పేరు చెప్తే మా ఓనర్‌కు బుర్రలో పడుతుంది. కార్తీకంలో కూడా ఒక్కోసారి తుపాను వాన కొడుతుంది కనుక నాలుగు రోజులు అటూ ఇటూ ఒప్పుకోవాలి.

తేదీ రాసేటప్పుడు "త్వరగా", "వీలైనంత తొందరగా" అన్న మాటలు వద్దు. తేదీ దాటిందో లేదో ఇద్దరికీ తెలిసేలా ఉండాలి. 2023 జూలై చివరి వారంలో వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగినట్టు ఊరంతా ఆగమైతే మాత్రం మీరే ముందుగా గడువు జరపండి. అప్పుడు మేస్త్రి ఎవరికీ దొరకడు.

మెసేజ్ ఇట్లా

నేను జూలై 14 పొద్దున పంపింది, చోటు వివరాలు కొంచెం మార్చి:

"నమస్తే అంకుల్. మీరు, ఆంటీ బాగున్నారనుకుంటున్నా. పై పోర్షన్‌లో వెనక బెడ్‌రూం స్లాబు ఉరుస్తున్నది. నీళ్లు ఫ్యాను కొక్కెం దగ్గరికి వచ్చాయి కనుక ఆ గది కరెంటు బంద్ పెట్టినం.

జూలై 6 రాత్రి వానకు మొదట కనబడింది, అప్పుడు మరక రెండడుగులు. నిన్న 13న మూడున్నర అడుగులైంది. వాన ఆగాక కూడా రెండు గంటలు చుక్కలు పడుతున్నాయి. 10 నుంచి 12 దాకా వాన లేదు, చుక్క కూడా పడలేదు. అందుకే ట్యాంకు, పైపు కాదు, వాన నీళ్లే అనుకుంటున్నా.

మరక తూర్పు గోడకు నాలుగడుగులు, ఉత్తరం గోడకు మూడడుగుల దూరంలో ఉంది. పైన నీళ్లు పోయే పైపు మూతికి ఆకు నిండి రెండంగుళాల నీళ్లు నిలిచాయి, పిట్టగోడ మొదట్లో పగులు కనబడింది. ఫొటోలు అయిదు, వీడియో ఒకటి కింద పెట్టిన. మూడో ఫొటోలో తేదీలతో గీతలున్నాయి చూడండి.

మీరు చేయించాల్సినవి మూడు. ఒకటి, 16వ తేదీ లోగా ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ గది లైను చూడాలి. రెండు, 20 లోగా మేస్త్రి వచ్చి పైపు మూతి తీసి, పగులు తాత్కాలికంగా పూడ్చాలి. మూడు, దసరా తర్వాత స్లాబు ఆరినప్పుడు పక్కా వాటర్‌ప్రూఫింగ్, దీపావళి లోగా.

పొద్దున 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఇంట్లో ఉంటాం, ఆదివారం రోజంతా ఉంటాం. వేరే టైం అయితే ముందురోజు చెప్తే తాళంచెవి కింది పోర్షన్ ఆంటీకి ఇచ్చిపోతాం. మేస్త్రి మీకు తెలిసినాయన ఉన్నాడా, నన్ను చూడమంటారా? రేపు సాయంత్రం లోగా చెప్పండి అంకుల్."

చూడండి, ఇందులో ఎక్కడా నింద లేదు, "కిరాయి మాత్రం టైంకు తీసుకుంటారు" లాంటి దెప్పు లేదు. నా మొదటి డ్రాఫ్ట్‌లో అది ఉండింది, మా ఆవిడ తీయించింది. ట్యాంకు ఎందుకు కాదో చెప్పే ఆ ఒక్క వాక్యం ఓనర్ అడగబోయే మొదటి ప్రశ్నకు ముందే జవాబిస్తుంది. ఇంట్లో ఎప్పుడుంటామో రాయడం చాలామంది మరిచిపోతారు. "మేస్త్రి వస్తే తాళం వేసుంది" అన్న మాటతో వారాలు గడిచిపోవడం నేను చూశాను. చివరి ప్రశ్నకు అవును, కాదు అని చెప్పక తప్పదు, "చూద్దాం" అంటే సరిపోదు.

ఓనర్ పెద్దాయనై వాట్సాప్ అంతగా చూడకపోతే, పంపాక ఫోన్ చేసి "మెసేజ్ పెట్టిన అంకుల్, జర ఫొటోలు చూడండి" అనండి. అంతా ఫోన్‌లోనే మాట్లాడేస్తే మాత్రం అదే రోజు రెండు వాక్యాలు రాసి పెట్టండి: "ఇందాక అనుకున్నట్టు 20 లోగా మేస్త్రిని పంపుతా అన్నారు, థాంక్స్ అంకుల్." మర్యాదగానే ఉంటుంది, రికార్డుగానూ ఉంటుంది.

జవాబు వచ్చాక, రాకపోయాక

మాకు వచ్చిన జవాబు: "మేస్త్రిని నువ్వే చూడు బేటా, కిరాయిలో పట్టుకో." వినడానికి బాగుంటుంది గానీ గొడవలు మొదలయ్యేది ఇక్కడే. ఎంత దాకా పట్టుకోవచ్చు? ఏ నెల కిరాయిలో? పని మొదలుపెట్టక ముందే మేస్త్రితో అంచనా కాగితం మీద రాయించి, ఫొటో తీసి పంపాను. "సిమెంట్, ఇసుక, రెండు కూలీలు కలిపి తాత్కాలిక పనికి 2,800 అంటున్నాడు. ఆగస్టు కిరాయిలో తగ్గించి వేస్తాను. సరేనా అంకుల్?" అని రాశాను. "సరే" అన్న ఆ రెండక్షరాలు వచ్చాకే మేస్త్రికి రమ్మని చెప్పాను. బిల్లులు కూడా ఫొటో తీసి పంపాను.

ఓనర్ ఒప్పుకోకుండా మీ అంతట మీరే చేయించి కిరాయిలో కోయడం వేరే సంగతి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనర్ చేయించక తప్పని రిపేరును నోటీసు ఇచ్చినా సమంజసమైన గడువులో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఖర్చు కిరాయిలో మినహాయించుకోవచ్చు. ఇందులో బరువంతా "చేయించక తప్పని" అన్న మాట మీదే ఉంది. అగ్రిమెంటులో రిపేర్లు ఎవరివని రాసుందో ముందు చదవండి. "చిన్న రిపేర్లు కిరాయిదారువి" అని మాత్రమే ఉంటే స్లాబు చిన్న రిపేరు కిందికి రాదని వాదించొచ్చు. "అన్ని రిపేర్లు" అని ఉంటే సొంతంగా కోత పెట్టే ముందు వకీలును అడగండి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కట్టడానికి సంబంధించిన రిపేర్లు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్ వైపు వేసింది. నల్లా వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తలుపు గొళ్లాలు కిరాయిదారు వైపు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా మాటల్లో న్యాయమైన కొలబద్దగా పనికొస్తుంది.

జవాబే రాకపోతే రోజూ మెసేజ్‌లు పెట్టొద్దు, మ్యూట్‌లో పడేస్తారు. మొదటి గడువు దాటిన మర్నాడు ఒక వాక్యం: "నిన్నటి 16వ తేదీ గడువు దాటింది అంకుల్, ఎలక్ట్రీషియన్ రాలేదు, మీరు ఎప్పుడంటారు?" రెండో గడువు కూడా దాటితే అదే మెసేజ్‌ను కాగితం మీద ఉత్తరంగా రాసి, ఫొటోలు ప్రింట్ తీసి జతచేసి, అగ్రిమెంటులోని అడ్రస్‌కు స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు వచ్చేలా పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక కౌంటర్‌లో ఆ రసీదు సంగతి విడిగా చెప్పాలి. ఉత్తరం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. చాలా ఇళ్లలో పోస్టుమ్యాన్ సంతకం అడిగిన సాయంత్రమే ఫోన్ వస్తుంది.

కిరాయి మాత్రం ఆపొద్దు. స్లాబు గొడవలో మీ పక్షాన ఉన్న న్యాయం, కిరాయి బాకీ పడ్డ రోజున ఆయన పక్షానికి పోతుంది. ఖాళీ చేయమనడానికి అంతకన్నా గట్టి కారణం ఆయనకు దొరకదు.

"చెమ్మ మీ వల్లే, గదిలో బట్టలు ఆరేస్తారు" అని ఓనర్ అంటే వాదించకుండా వాన రోజుల తేదీలు, చుక్క పడ్డ తేదీలు పక్కపక్కన రాసి పంపండి. బట్టలకు వాన తేదీలు తెలియవు కదా.

పని అయ్యాక చూసేది

దసరా తర్వాత మేస్త్రి పగులును వెడల్పు చేసి, దుమ్ము కడిగి, పూడ్చి, పిట్టగోడ మొదట్లో సిమెంటుతో వాలు కట్టి, ఆరాక రెండు పూతలు వేశాడు. వెంటనే మొత్తం డబ్బులు ఇవ్వొద్దని ఓనర్‌కు నేనే చెప్పాను. పూత బాగా ఆరాక ఆ భాగం చుట్టూ చిన్న గట్టు కట్టి, నీళ్లు పోయే మూతి మూసి, రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టాం. వీలైతే రెండు రోజులు ఉంచడం ఇంకా మంచిది. కింద పెన్సిల్ గీత దగ్గర టిష్యూ కాగితం అంటించి పెట్టాను, తడి తగిలితే ముందు అదే చెప్తుంది. తడవలేదు. ఆ పొడి కాగితం ఫొటో ఓనర్‌కు పంపాక మేస్త్రికి మిగతా సగం ముట్టింది.

కింద మరక మీద సున్నం వేయించడం ఆ తర్వాతే, కనీసం మూడు వారాలు ఆగి. లోపలి చెమ్మ పూర్తిగా పోకముందే వేస్తే పసుపు అంచు మళ్లీ పైకి తేలుతుంది, ఇంకా ఉరుస్తున్నదేమో అని అందరికీ అనుమానం. మా గదిలో ఆ రెండు పెన్సిల్ గీతలు ఇప్పటికీ సున్నం కింద లీలగా కనబడతాయి.